ఉన్నట్టుండి ఇంటి ఆదాయం పడిపోయింది, స్కూల్ ఫీజు వాయిదాల్లో కట్టనివ్వమని ఎలా అడగాలి?

వానచినుకు

అందరికీ నమస్కారం. మా వారు పనిచేసే విభాగాన్ని పోయిన నెల మూసేశారు. రెండు జీతాలతో నడిచే ఇల్లు ఒక్క జీతం మీదికి వచ్చింది. అది నా జీతం, రెండింట్లో చిన్నది.

పాప ఆరో తరగతి. ఫీజు మూడు టర్ములుగా కడుతున్నాం. మొదటిది కట్టేశాం. రెండోది ఇంకో 12 రోజుల్లో కట్టాలి. అసలు అంకెలు ఇక్కడ రాయలేను, అందుకని ఏడాది ఫీజు 100 అనుకోండి. 40 కట్టాం. ఇప్పుడు 30 కట్టాలి, చివరి టర్ముకు ఇంకో 30. బస్సు ఫీజు కూడా అందులోనే ఉంది. చదువుల సంవత్సరం ఇంకా ఏడు నెలలుంది.

నిన్న ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్లి అడిగాను. లోపలున్న అమ్మాయి తల ఎత్తకుండానే "వాయిదాలు లేవండి, సిస్టమ్‌లో ఆప్షనే లేదు" అంది. నా వెనక ముగ్గురు నిలబడి ఉన్నారు. ఇంకో మాట నోట్లోంచి రాక వచ్చేశాను.

ఇప్పుడు ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. "నెలకు 10 చొప్పున ఆరు నెలల్లో మొత్తం కట్టేస్తాం" అని. ఇది సరిపోతుందా? ఎవరికి ఇవ్వాలి? ఇలాంటిది ఎప్పుడూ అడగలేదు, చాలా టెన్షన్‌గా ఉంది.

తోటమాలి

అమ్మా, ఆదాయ ధ్రువీకరణ పత్రం తీసుకుని ఫీజు రాయితీకి అప్లై చేయండి. మా తమ్ముడి పిల్లలకు అలాగే సగం తగ్గించారు. మార్కులు బాగుంటే ఇంకా తేలిక. పాపకు ఎంత శాతం వస్తుంది?

వానచినుకు

అన్నా, తగ్గించమని కాదండి నేను అడిగేది. మొత్తం కడతాం. కాస్త టైమ్ కావాలి, అంతే.

మూడో బెంచి

అంత భయపడకండి. ఫీజు కట్టలేదని పిల్లల్ని పరీక్షకు కూర్చోనివ్వకపోవడం తప్పు. ఏడాది మధ్యలో పేరు కొట్టేయలేరు. మీరు ఊరికే ఉండండి, డబ్బు వచ్చినప్పుడు కట్టండి. ఉత్తరం రాస్తే మీ బలహీనత మీరే వాళ్లకు చెప్పినట్టు అవుతుంది.

లెడ్జర్ మనిషి

వానచినుకు గారూ, నేను పదకొండేళ్లు ఒక స్కూల్లో ఫీజుల లెక్కలు చూశాను. కాబట్టి కిటికీ అవతల ఏం జరుగుతుందో చెప్తాను.

ముందు మూడో బెంచి గారి మాట. పిల్లను పరీక్షకు ఆపకూడదనే నిబంధన చాలా చోట్ల ఉన్న మాట నిజమే, కానీ అన్ని చోట్లా ఒకేలా లేదు. ఉన్న చోట కూడా అది పిల్లను కాపాడుతుంది, బాకీని రద్దు చేయదు. బాకీ మీద లేట్ ఫీజు పెరుగుతూనే ఉంటుంది. వచ్చే ఏడాది సీటు కొనసాగించే దగ్గర ఆ మొత్తం ఒక్కసారిగా ముందుకొస్తుంది. ఊరికే ఉన్నవాళ్ల ఫైలుకూ, గడువుకు ముందే వచ్చి అడిగినవాళ్ల ఫైలుకూ మా దగ్గర చాలా తేడా ఉండేది. గడువు దాటాక వచ్చిన ఉత్తరం సాకులా కనిపిస్తుంది. అదే ఉత్తరం వారం ముందు వస్తే ఏర్పాటులా కనిపిస్తుంది. మీకు ఇంకా 12 రోజులున్నాయి. అది చిన్న విషయం కాదు.

కిటికీలో ఉన్న అమ్మాయి అబద్ధం చెప్పలేదు. ఆమెకు కనిపించే స్క్రీన్‌లో నిజంగానే ఆ ఆప్షన్ ఉండదు. గడువు తేదీ మార్చడం, లేట్ ఫీజు తీసేయడం ఆమె చేతిలో పని కాదు. ప్రిన్సిపాల్ సిఫార్సు చేయాలి, యాజమాన్యం తరఫున ఎవరో ఒకరు సంతకం పెట్టాలి, అప్పుడు అకౌంట్స్ వాళ్లు లెడ్జర్‌లో మార్చాలి. కాబట్టి ఉత్తరం ప్రిన్సిపాల్ పేరున రాయండి. కిటికీలో ఇచ్చి రావద్దు. అపాయింట్‌మెంట్ తీసుకుని చేతికివ్వండి. రెండో కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి.

ఇక అసలు విషయం. నెలకు 10 అని రాస్తానన్నారు. ఆ 10 ఎక్కడి నుంచి వచ్చింది? మీ ఇంటి లెక్కలోంచి వచ్చిందా, 60ని ఆరుతో భాగిస్తే వచ్చిందా?

వానచినుకు

నిజం చెప్పాలంటే భాగిస్తే వచ్చింది.

లెడ్జర్ మనిషి

అదే అనుకున్నాను. నేను చూసిన వాయిదాల ఏర్పాట్లలో ఎక్కువ భాగం మూడో నెలలో చెడిపోయేవి. కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. స్కూల్‌కి నచ్చాలని పెద్ద అంకె రాస్తారు. మొదటి నెల పొదుపులోంచి కడతారు, రెండో నెల ఎవరి దగ్గరో బదులు తెచ్చి కడతారు, మూడో నెల కట్టలేరు. ఒక్కసారి తప్పితే ఏర్పాటు రద్దు అని ఆ ఉత్తరంలోనే మా వాళ్లు రాయించుకునేవారు. అప్పుడు బాకీ మొత్తం ఒక్కసారిగా మీద పడేది.

ఈ రాత్రి మీ వారితో కూర్చుని లెక్క వేయండి. మీ జీతంలోంచి అద్దె, తిండి, మందులు, కరెంటు, ఉన్న అప్పుల కిస్తీలు తీసేయండి. మిగిలేది ఎంత? అందులో కొంచెం అనుకోని ఖర్చుకు ఉంచండి. ఆ మిగిలిందే మీ వాయిదా. జీతం ఏ తేదీన పడుతుందో కూడా చూడండి. మీ వారికి పాత కంపెనీ నుంచి రావాల్సిన డబ్బు ఏమైనా ఉందా?

ఇద్దరు పిల్లల నాన్న

తేదీ మాట వచ్చింది కాబట్టి నా సంగతి చెప్తాను. రెండేళ్ల కింద నాకూ ఇదే పరిస్థితి. స్కూల్ వాళ్లు ముందు తేదీలు వేసిన చెక్కులు ఐదు ఇమ్మన్నారు. ప్రతి నెలా ఒకటో తేదీ వేసి ఇచ్చాను. మా జీతాలు మామూలుగా నెలాఖరుకే పడతాయి. మూడో నెల వరుసగా సెలవులొచ్చి జీతం నాలుగో తేదీన పడింది. రెండో తేదీకే చెక్కు వెనక్కి వచ్చింది. బ్యాంకు ఒక రుసుము వేసింది, స్కూల్ ఇంకొకటి వేసింది, వాయిదాల ఏర్పాటు రద్దు చేశారు. డబ్బు రాక కాదు, రెండు రోజులు ఆలస్యంగా వచ్చినందుకు ఇదంతా. చాలా చోట్ల చెక్కు బౌన్స్ అయితే కేసు దాకా వెళ్లే అవకాశం కూడా ఉంది.

చెల్లెమ్మా, చెక్కులు అడిగితే జీతం పడిన వారం తర్వాతి తేదీ వేయండి. వీలైతే చెక్కులు అసలు ఇవ్వకండి, ప్రతి నెలా నేనే కట్టి రసీదు తీసుకుంటాను అని అడగండి.

రాత్రి డ్యూటీ

ఇంకొక జాగ్రత్త. మీరు వాయిదాలు అనగానే ఆఫీసు వాళ్లు "ఈఎంఐ ఉందండి, ఫోన్‌లోనే అయిపోతుంది" అనొచ్చు. నాకు అలాగే చెప్పారు. స్కూలే వాయిదాలు ఇస్తోందనుకుని, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పేశాను. తర్వాత చూస్తే అది నా పేరు మీద అప్పు. అప్పు ఇచ్చిన సంస్థ ఏడాది ఫీజు మొత్తం స్కూల్‌కి ముందే కట్టేసింది. నేను బాకీ పడింది స్కూల్‌కి కాదు, ఆ సంస్థకు. బాబును మధ్యలో వేరే స్కూల్‌కి మార్చినా నెలనెలా డబ్బు కట్ అవుతూనే ఉంది. స్కూల్‌ని అడిగితే సంస్థతో మాట్లాడుకోండి అన్నారు, సంస్థను అడిగితే స్కూల్‌తో మాట్లాడుకోండి అన్నారు.

ఇద్దరు పిల్లల నాన్న

అన్నా, వడ్డీ లేదు కదా దానికి? మా ఆఫీసులో చాలామంది తీసుకున్నారు, బాగానే నడుస్తోంది.

రాత్రి డ్యూటీ

వడ్డీ లేదు, ప్రాసెసింగ్ ఫీజు ఉంది. ఉద్యోగం గట్టిగా ఉన్నవాళ్లకు బాగానే నడుస్తుంది, నేను కాదనను. ఆదాయం ఇప్పుడే పడిపోయిన ఇంట్లో ఒక నెల తప్పితే స్కూల్ అయితే ఫోన్ చేసి అడుగుతుంది, సంస్థ అయితే జరిమానా వేసి క్రెడిట్ స్కోరులో నమోదు చేస్తుంది. నాకు అదే అయింది. తర్వాత ఇంటి అప్పుకు వెళ్తే ఆ ఒక్క తప్పిన నెల గురించే అడిగారు.

వానచినుకు

ఇది మంచికే చెప్పారు. నిన్న ఆ కిటికీ పక్కనే ఈఎంఐ అని పోస్టర్ ఉంది, రేపు దాని గురించే అడుగుదామనుకున్నాను.

రాత్రి ఇద్దరం లెక్క వేశాం. అన్నీ పోను నా జీతంలో 8 మిగులుతోంది (అదే 100 లెక్కలో). రెండు పక్కన పెడితే 6. ఏడు నెలలకు 42 మాత్రమే. 60 ఎలా తీరుతుందో అర్థం కాలేదు. పొదుపు 14 ఉంది. అది మొత్తం ఇప్పుడే కట్టేస్తే స్కూల్‌కి నమ్మకం కలుగుతుందని మా వారు అంటున్నారు. ఆయనకు పాత కంపెనీ నుంచి డబ్బు రావాలి, రెండు నెలల్లో ఇస్తామన్నారు. అది వచ్చాక మూడో టర్ము ఒకేసారి కట్టేస్తామని రాద్దామా? జీతం నెలాఖరు రోజు పడుతుంది, ఒక్కోసారి మూడో తేదీ.

లెడ్జర్ మనిషి

ఇప్పుడు దారిలోకి వచ్చాం.

ముందు 60లో ఏమేం ఉన్నాయో విడదీయండి. బస్సు అందులోనే ఉందన్నారు. ఆ రెండు టర్ములకు బస్సు ఎంత? మీ వారు ప్రస్తుతం ఇంట్లో ఉన్నారు కాబట్టి పాపను దింపి తీసుకురాగలరా? ట్యూషన్ ఫీజు తగ్గించమంటే యాజమాన్యం దాకా వెళ్లాలి. బస్సు మానేస్తామంటే ట్రాన్స్‌పోర్ట్ చూసే ఆయన దగ్గరే తేలిపోతుంది, ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు.

కంపెనీ నుంచి రావాల్సిన డబ్బు మీద తేదీ రాయకండి. అది మీ చేతిలో లేదు. "వస్తే ముందే కట్టేస్తాం" అని రాయండి. వస్తే మీరు మాట కంటే ముందు కట్టినవాళ్లవుతారు. రాకపోతే మాట తప్పినవాళ్లు కారు.

పొదుపు మొత్తం ఇవ్వకండి. ఒక వాయిదాకు సరిపడా డబ్బు కదిలించకుండా ఉంచుకోండి. పాపకు జ్వరం వచ్చిన నెలలో ఆ వాయిదా మీ ఏర్పాటును కాపాడుతుంది. అంటే 14లో 6 ఉంచుకుని 8 ఇప్పుడు కట్టండి. మొదట 14 ఇచ్చి మూడో నెల తప్పిన తల్లి కంటే, 8 ఇచ్చి ఏ నెలా తప్పని తల్లి మీద అకౌంట్స్ వాళ్లకు నమ్మకం ఎక్కువ. స్కూల్‌కి కూడా నెలనెలా టీచర్ల జీతాలు ఇవ్వాలి. ఏ నెల ఎంత వస్తుందో తెలిస్తే వాళ్లు సర్దుకోగలరు. వస్తుందనుకున్నది రాకపోతేనే చికాకు.

వాయిదా తేదీ ఏడు అని రాయండి. మూడో తేదీన జీతం పడినా నాలుగు రోజులు చేతిలో ఉంటాయి.

వానచినుకు

బస్సు రెండు టర్ములకు 12. మా వారు దింపుతానంటున్నారు. అప్పుడు 48 మిగిలింది. ఇప్పుడు 8 కడితే 40. నెలకు 6 చొప్పున ఆరు నెలలు 36. ఏడో నెల 4. సరిపోయింది! నిన్న రాత్రి నుంచి మొదటిసారి ఊపిరి ఆడినట్టుంది.

తోటమాలి

అమ్మా, మొదట నేను మీ ప్రశ్న సరిగ్గా చదవలేదు, ఏమీ అనుకోకండి. కానీ ఇప్పుడైనా అదే ఉత్తరంలో రాయితీ కూడా అడిగితే పోయేదేముంది? ఇస్తే ఇస్తారు, లేదంటే వాయిదాలు.

లెడ్జర్ మనిషి

తోటమాలి గారూ, మా దగ్గర అయితే రెండూ కలిపి అడిగిన ఉత్తరం రాయితీల ఫైలులోకి వెళ్లేది. దాన్ని చూసే కమిటీ ఏడాదికి రెండుసార్లు కూర్చునేది. అప్పటిదాకా వాయిదాల సంగతి ఎవరూ ముట్టుకునేవారు కాదు, లేట్ ఫీజు మాత్రం నడిచేది. అన్ని స్కూళ్లలో ఇలాగే అని చెప్పను. రాయితీ కావాలంటే వేరే కాగితం మీద, వేరే రోజు అడగడం మంచిది.

చాక్‌పీస్

నేను టీచర్‌ని. డబ్బు లెక్కలు నాకు తెలియవు, కానీ క్లాసులో ఏం జరుగుతుందో చెప్పాలి.

గడువు దాటిన మర్నాడు ఆఫీసు నుంచి ప్రతి క్లాసుకు ఒక లిస్టు వస్తుంది. కంప్యూటర్ తీసి ఇచ్చే లిస్టు అది. ఎవరితో మాట్లాడుకున్నారు, ఎవరికి టైమ్ ఇచ్చారు అన్నది అందులో ఉండదు. కొందరు టీచర్లు ఆ పేర్లు పైకి చదువుతారు. నేను చదవను, చీటీ డైరీలో పెట్టి పంపిస్తాను. అయినా పిల్లలకు తెలిసిపోతుంది. మా క్లాసులో ఒక బాబు ఉండేవాడు. ఆఫీసు అటెండర్ చేతిలో కాగితంతో గుమ్మం దగ్గర కనిపించగానే సీసా పట్టుకుని నీళ్లు తాగుతూ కూర్చునేవాడు, ఆయన వెళ్లేదాకా. వాళ్ల నాన్న ప్రిన్సిపాల్‌తో మాట్లాడి గడువు తీసుకున్నారని నాకు నెల తర్వాత తెలిసింది. ఆ నెలంతా వాడి పేరు లిస్టులో వస్తూనే ఉంది.

కాబట్టి ఉత్తరంలో ఒక వాక్యం రాయండి: ఫీజు విషయం పాపతో కాకుండా మాతో మాట్లాడండి అని. క్లాస్ టీచర్‌కు కూడా ఒక్క ముక్క చెప్పండి. వివరాలు అక్కర్లేదు, "ఫీజు విషయం ప్రిన్సిపాల్ గారితో మాట్లాడాం" అంటే చాలు.

వానచినుకు

మేడమ్, ఇది నాకు తట్టనే లేదు. పాపకు ఇంకా ఏమీ చెప్పలేదు. నాన్న ఇంట్లో ఎందుకున్నారని మాత్రం అడుగుతోంది.

ఉత్తరం ఇలా రాశాను, చూడండి:

"ప్రిన్సిపాల్ గారికి,

మా అమ్మాయి ఆరో తరగతి బి సెక్షన్‌లో చదువుతోంది. మా వారి ఉద్యోగం పోయిన నెల పోయింది. కంపెనీ ఇచ్చిన లెటర్ కాపీ జత చేస్తున్నాను. ప్రస్తుతం నా జీతంతోనే ఇల్లు గడుస్తోంది.

ఈ ఏడాది ఫీజు పూర్తిగా కడతాం. ఒకేసారి కట్టలేని పరిస్థితిలో ఉన్నాం. వచ్చే నెల నుంచి బస్సు మానేస్తున్నాం. మిగిలిన 48లో 8 గడువు తేదీకే కడతాను. ఆ తర్వాత ప్రతి నెల 7వ తేదీలోపు 6 చొప్పున ఆరు నెలలు, ఏడో నెల 4 కడతాను. మధ్యలో డబ్బు వస్తే ముందే కట్టేస్తాను.

ఈ తేదీల ప్రకారం కడుతున్నంత కాలం లేట్ ఫీజు లేకుండా చూడమనీ, ఈ తేదీలను లెడ్జర్‌లో నమోదు చేయించమనీ కోరుతున్నాను. ఫీజు గురించి ఏమైనా ఉంటే పాపకు చెప్పకుండా నాకు ఫోన్ చేయండి.

మీ నిర్ణయం రాతపూర్వకంగా తెలియజేస్తే తేదీలు తప్పకుండా చూసుకోగలను."

లెడ్జర్ మనిషి

బాగుంది. ఒక్క అక్షరం మార్చొద్దు. కంపెనీ లెటర్ ఒక్కటి చాలు. బ్యాంకు స్టేట్‌మెంట్ అడిగినా వెంటనే ఇవ్వకండి, నా జీతం చీటీ చూపిస్తాను అనండి. స్టేట్‌మెంట్‌లో ఆ పొదుపు 6 కనిపిస్తే అది కూడా ఇప్పుడే కట్టమంటారు.

మూడో బెంచి

ఇంత వినయం అవసరమా అనిపిస్తోంది. కానీ చివరి వాక్యం నచ్చింది, రాతలో ఇవ్వమనడం. అది లేకపోతే రేపు ప్రిన్సిపాల్ మారితే ఎవరూ గుర్తుపట్టరు.

వానచినుకు (ఆరు రోజుల తర్వాత)

ఈ రోజు ఇద్దరం వెళ్లి కలిశాం. నేను అనుకున్నంత భయంగా ఏమీ జరగలేదు. ఆవిడ ఉత్తరం రెండుసార్లు చదివారు. కంపెనీ లెటర్ చూసి, "ఎన్నేళ్లు చేశారు అక్కడ?" అని మా వారిని అడిగారు. తొమ్మిదేళ్లు అన్నారు ఆయన. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

తర్వాత మొదటి వాయిదా 15 చేయమన్నారు. మీరందరూ చెప్పకపోయి ఉంటే సరేననేదాన్ని. "మేడమ్, 15 ఇస్తే మూడో నెల తప్పుతాం, 8 ఇస్తే ఏ నెలా తప్పం" అన్నాను. ఆవిడ అకౌంటెంట్‌ను పిలిచి మాట్లాడారు. 8కి ఒప్పుకున్నారు.

రెండు మెలికలు పెట్టారు. బస్సు మానేయడానికి ఒక నెల ముందు చెప్పాలట, అందుకని ఒక నెల బస్సు 2 కట్టాల్సిందే. అంటే మొత్తం 50. ఇప్పుడు 8, తర్వాత ఏడు నెలలూ 6 చొప్పున 42. లెక్క ఇంకా సూటిగా అయింది. రెండోది, వార్షిక పరీక్షలకు ముందే అంతా తీరిపోవాలట. ఏడో నెల 7వ తేదీ అంటే పరీక్షలు మొదలై నాలుగు రోజులవుతుంది. "అప్పటికి చూద్దాం" అన్నారు, కాగితం మీద మాత్రం "పరీక్షలకు ముందు" అనే రాశారు.

ఇద్దరు పిల్లల నాన్న

పక్కన పెట్టిన 6 ఉంది కదా, ఆ నెల అది వాడేయండి. జీతం పడగానే మళ్లీ పెట్టుకోవచ్చు.

రాత్రి డ్యూటీ

ఈలోగా అది ఖర్చయిపోతే? నేనైతే ఇప్పుడే ఆ ఒక్క తేదీ మార్చి రాసివ్వమని అడుగుతాను.

లెడ్జర్ మనిషి

ఇప్పుడే మళ్లీ వెళ్తే మొత్తం కదిలే ప్రమాదం ఉంది. నాలుగైదు వాయిదాలు తేదీకి కట్టాక అడిగితే ఆ నాలుగు రోజులు ఎవరూ పట్టించుకోరని నా అనుభవం. రాత్రి డ్యూటీ గారి మాటలో కూడా అర్థం ఉంది, ఖచ్చితంగా ఇదే మేలని చెప్పలేను.

వానచినుకు గారూ, మొదటి 8 కట్టాక రసీదు జాగ్రత్తగా చదవండి. మొత్తం ఒక్కటే చూసి మడత పెట్టేయకండి, దేని కింద ఎంత జమ అయిందో చూడండి.

వానచినుకు (మరో పది రోజుల తర్వాత)

మీరు చెప్పింది అక్షరాలా జరిగింది. యాప్‌లో 8 కట్టాను. గడువు రోజు ఉదయం సర్వర్ పనిచేయక మర్నాడు కట్టాల్సి వచ్చింది. రసీదులో లేట్ ఫీజు కింద 1, ట్యూషన్ ఫీజు కింద 7 అని ఉంది. పైగా "మిగిలిన బాకీ వెంటనే చెల్లించండి" అని మెసేజ్. ఒప్పుకున్న కాగితం చేతిలో ఉన్నా గుండె ఝల్లుమంది.

లెడ్జర్ మనిషి

కంగారు పడకండి. ప్రిన్సిపాల్ సంతకం చేసిన కాగితం ఇంకా ఎవరి బల్ల మీదో ఉంది, లెడ్జర్‌లోకి ఎక్కలేదు. సాఫ్ట్‌వేర్‌కు పాత తేదీయే తెలుసు. డబ్బు పడగానే అది ముందు లేట్ ఫీజు తీసుకుని, మిగిలింది ఫీజుకు జమ చేస్తుంది. చాలా వాటిలో అలాగే పెట్టి ఉంటారు. వదిలేస్తే ప్రతి నెలా కొంత ఇలాగే పోతుంది. ఏడు నెలలూ కట్టినా చివర్లో ఎందుకో బాకీ చూపిస్తుంది, అప్పుడు ఎక్కడ తేడా వచ్చిందో ఎవరికీ దొరకదు.

రేపే వెళ్లండి. ఈసారి కిటికీ దగ్గరికే. ఒప్పుకున్న కాగితం కాపీ, రసీదు రెండూ చూపించి రెండే అడగండి. ఆ లేట్ ఫీజు 1 వెనక్కి తిప్పి ట్యూషన్ ఫీజుకు జమ చేయమనండి. గడువు తేదీలు కొత్తవి ఎక్కించమనండి. చేస్తాం అంటే నమ్మి వచ్చేయకండి, స్టేట్‌మెంట్ ప్రింట్ తీసి ఇమ్మనండి. మీరు ఒక రోజు ఆలస్యంగా కట్టారు కాబట్టి ఆ మాట ఎత్తుతారు. ఉదయం సర్వర్ ఆగిన స్క్రీన్ ఫోటో ఉందా?

వానచినుకు

ఉంది, మా వారు తీశారు.

చాక్‌పీస్

లిస్టు వచ్చిందా క్లాసుకు?

వానచినుకు

వచ్చిందట మేడమ్. పాప పేరు కూడా ఉందట. కానీ మీరు చెప్పినట్టు క్లాస్ టీచర్‌కు ముందే చెప్పాను. ఆవిడ పెన్నుతో ఆ పేరు పక్కన టిక్కు పెట్టి పంపించేశారని ఫోన్ చేసి చెప్పారు. పాపకు తెలియదు.

వానచినుకు (మర్నాడు సాయంత్రం)

పని అయింది. కిటికీలో ఆ అమ్మాయే ఉంది. కాగితం చూడగానే, "అయ్యో, ఇది మా దాకా రాలేదండీ" అంది. లోపలికి వెళ్లి అకౌంటెంట్‌ను తీసుకొచ్చింది. లేట్ ఫీజు తీసేసి 8 మొత్తం ట్యూషన్ కింద వేశారు. ప్రింట్‌లో ఇప్పుడు ఏడు వరుసలు ఉన్నాయి, ప్రతి వరుసలో 7వ తేదీ, పక్కన 6. చివరి వరుసలో మాత్రం తేదీ ఖాళీగా వదిలేశారు. పెన్సిల్‌తో "పి.జి. అడగాలి" అని రాసి ఉంది. ప్రిన్సిపాల్ గారిని అడగాలని అనుకుంటాను.

మా వారి కంపెనీ డబ్బు ఇంకా రాలేదు. మొదటి 6 కూడా ఈ రోజే, 4వ తేదీకే కట్టేశాను, రసీదులో 6కి 6 ట్యూషన్ కిందే పడింది.

తోటమాలి

వచ్చే ఏడాదికి సీటు కొనసాగింపు ఫీజు ఎప్పుడు కట్టాలమ్మా? మా తమ్ముడికి పరీక్షల నెలలోనే అడిగారు.

వానచినుకు

అది లెక్కలో వేయలేదన్నా. సర్క్యులర్ ఎప్పుడొస్తుందో రేపు కనుక్కుంటాను.